గర్భిణి రేడియోగ్రాఫర్‌కు డోసు పరిమితి: 5, 2, 1 మూడూ పుస్తకాల్లో ఎందుకున్నాయి?

రేడియోగ్రాఫర్ పోస్టుల పరీక్షలకు చదివేవాళ్లను తరచూ ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటుంది. "గర్భిణి అయిన రేడియేషన్ వర్కర్ విషయంలో గర్భస్థ శిశువుకు అనుమతించే గరిష్ఠ డోసు ఎంత?" ఆప్షన్లలో 5 మిల్లీసీవర్ట్, 2 మిల్లీసీవర్ట్, 1 మిల్లీసీవర్ట్, 0.5 మిల్లీసీవర్ట్ వరసగా ఉంటాయి. ద్వారకానగర్ కోచింగ్ నోట్సు ఒకటి 5 అంటుంది, సీనియర్లు ఇచ్చిన జిరాక్సు కాగితం 2 అంటుంది, ఈ మధ్య వచ్చిన గైడు 1 అంటుంది. నేను విశాఖలో పారామెడికల్ విద్యార్థులకు రేడియేషన్ భద్రత పాఠం చెబుతుంటాను. ఏ బ్యాచ్‌లోనైనా ఎవరో ఒకరు లేచి, "మేడమ్, ఇందులో ఏది కరెక్టు? పరీక్షలో ఏది పెట్టాలి?" అని అడుగుతారు.

నాలుగు అంకెలూ ఎక్కడో ఒకచోట సరైనవే. ఏ దేశపు నిబంధన, ఏ కాలానిది, శరీరంలో ఎక్కడ కొలిచిన డోసు అన్నది వదిలేసి అంకెను మాత్రమే బట్టీ పట్టడం వల్లే ఈ టెన్షన్.

5 మిల్లీసీవర్ట్ అమెరికా అంకె. మన దగ్గర చాలామంది చదివే రేడియోగ్రఫీ పాఠ్యపుస్తకాలు అమెరికావి కాబట్టి, వాటి ప్రశ్నల్లో అక్కడి నిబంధనే వస్తుంది: గర్భధారణ మొత్తం కాలానికి కలిపి 5 మిల్లీసీవర్ట్, నెలకు 0.5 మిల్లీసీవర్ట్. ఆప్షన్లలో కనిపించే 0.5 ఈ నెలవారీ అంకే. కొన్ని పుస్తకాల్లో ఇదే పాత యూనిట్లలో 500 మిల్లీరెమ్, 50 మిల్లీరెమ్ అని ఉంటుంది. 1 రెమ్ అంటే 10 మిల్లీసీవర్ట్. ఆ లెక్కన 500 మిల్లీరెమ్, అంటే అర రెమ్, 5 మిల్లీసీవర్ట్ అవుతుంది. ఇక్కడ ఒక్క సున్నా అటూ ఇటూ అయిందంటే డోసు పదింతలు మారిపోతుంది.

2 మిల్లీసీవర్ట్ అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్, అంటే ఐసీఆర్‌పీ, 1990 సిఫారసుల్లోది. మన దేశపు పాత నోట్సుల్లో కనిపించేది కూడా అదే. అది శిశువు డోసు కాదు. తల్లి పొత్తికడుపు ఉపరితలం మీద, గర్భం ప్రకటించిన తర్వాత మిగిలిన నెలలన్నిటికీ కలిపి దాటకూడని డోసు. ఎక్స్‌రేలు పొట్ట గోడను దాటి గర్భాశయం దాకా వెళ్లేసరికి బాగా తగ్గిపోతాయి. చర్మం మీద 2 ఉంటే లోపల శిశువుకు 1కి మించదన్న అంచనాతో ఆ అంకె పెట్టారు. 2007 సిఫారసుల్లో ఐసీఆర్‌పీ ఉపరితలాన్ని పక్కనపెట్టి నేరుగా పిండానికే 1 మిల్లీసీవర్ట్ అని చెప్పింది. మన అణుశక్తి నియంత్రణ మండలి, అందరూ ఏఈఆర్‌బీ అని పిలిచేది, 2011 ఆదేశంలో అదే పెట్టింది: గర్భం ప్రకటించిన తర్వాత పిండానికి 1 మిల్లీసీవర్ట్ మించకూడదు.

కాబట్టి 2, 1 కొట్టుకునే అంకెలు కావు. ఒకే జాగ్రత్తను ఒకటి పొట్ట మీద కొలిచింది, ఇంకొకటి పొట్ట లోపల. భారతదేశంలో ప్రభుత్వ పోస్టు పరీక్ష రాస్తూ ప్రశ్నలో ఏ దేశమూ చెప్పకపోతే 1 పెట్టండి. "పొత్తికడుపు ఉపరితలం" అన్న మాట ఉంటే 2 వైపు చూడండి. "నెలకు" అని ఉన్నా, అమెరికా సంస్థ పేరు ఉన్నా 0.5, 5 గుర్తుకు రావాలి.

మామూలు సిబ్బంది పరిమితి దగ్గర కూడా ఇదే తికమక. అమెరికాలో ఏడాదికి 50 మిల్లీసీవర్ట్. ఐసీఆర్‌పీ వరుసగా ఐదేళ్ల సగటు ఏడాదికి 20 మించకూడదంటూ, ఏ ఒక్క ఏడాదిలోనైనా 50 దాకా వెళ్లనిస్తుంది. ఏఈఆర్‌బీ ఆ సగటు 20ని ఉంచి, ఒక్క ఏడాది గరిష్ఠాన్ని 30కి తగ్గించింది. ఐదేళ్ల సగటును జారుతూ వచ్చే కిటికీలా చూడాలి. ఒకతనికి వరుసగా నాలుగేళ్లలో 28, 25, 22, 15 వచ్చాయనుకుందాం. మొత్తం 90. ఐదో ఏడాది అతనికి ఉన్నది 10 మాత్రమే, 30 కాదు. శిక్షణలో ఉన్నవాళ్లకు, అంటే 16 ఏళ్లు దాటిన విద్యార్థులకు, ఏడాదికి 6. సామాన్య ప్రజలకు 1. శిశువుకు పెట్టిన 1 కూడా ఈ ఆలోచనలోంచే వచ్చింది. కడుపులో ఉన్న బిడ్డ ఆ ఉద్యోగాన్ని ఎంచుకోలేదు, జీతమూ తీసుకోదు. అందుకే ఆ బిడ్డకు ప్రజలకిచ్చే స్థాయి రక్షణే ఇవ్వాలి.

ఈ పరిమితుల్లో ప్రకృతి నుంచి వచ్చే రేడియేషన్‌ను కలపరు. ప్రపంచ సగటున ఒక మనిషికి అది ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్ ఉంటుంది. భీమిలి తీరపు ఇసుకలో థోరియం ఉన్న మోనజైట్ ఉంది కాబట్టి అలాంటి చోట్ల నేల నుంచి వచ్చేది మామూలు కంటే ఎక్కువ. అలాగే మీకు జబ్బు చేసి తీయించుకున్న ఎక్స్‌రే, సీటీ కూడా ఉద్యోగపు ఖాతాలోకి రావు. "కిందివాటిలో ఏది వృత్తిపరమైన డోసులో లెక్కించరు?" అని అడిగినప్పుడు ఈ రెండూ గుర్తుంచుకోండి.

ఇక యూనిట్ల సంగతి. వాన ఎంత కురిసింది, అందులో ఎంత నేలలో ఇంకింది, దానివల్ల పైరుకు ఎంత నష్టం జరిగింది అన్నవి మూడు వేరు ప్రశ్నలు. రేడియేషన్‌లో కూడా అంతే. గాలిలో ఎంత అయనీకరణ జరిగిందో చెప్పేది రాంట్‌జన్. పదార్థం ఎంత శక్తిని పీల్చుకుందో చెప్పేది గ్రే, దాని పాత రూపం రాడ్, 100 రాడ్‌లు ఒక గ్రే. ఆ పీల్చుకున్నదానివల్ల మనిషికి హాని ఏ మేరకు ఉండవచ్చో చెప్పేది సీవర్ట్, దాని పాత రూపం రెమ్. గ్రే నుంచి సీవర్ట్‌కు వెళ్లాలంటే రేడియేషన్ రకానికి ఇచ్చిన గుణకంతో గుణించాలి. ఎక్స్‌రేలకు, గామా కిరణాలకు ఆ గుణకం 1, ఆల్ఫా కణాలకు 20. అందుకే మన గదుల్లో 1 మిల్లీగ్రే తగిలిన కణజాలానికి 1 మిల్లీసీవర్ట్ అని రాసేస్తాం.

అలా రాసేసేవాళ్లలో చాలామంది మరో మెట్టు మర్చిపోతారు. శరీరంలో ఒక భాగానికే తగిలిన డోసును మొత్తం శరీరపు హానిగా మార్చాలంటే అవయవాల గుణకాలు కూడా వేయాలి. అలా వచ్చేదే ఎఫెక్టివ్ డోసు. ఛాతీ ఎక్స్‌రేలో చర్మం మీద 0.2 మిల్లీగ్రే పడితే, ఎఫెక్టివ్ డోసు 0.02 మిల్లీసీవర్ట్ చుట్టూ ఉంటుంది. సిబ్బందికి పెట్టిన 20 ఎఫెక్టివ్ డోసు. శిశువుకు పెట్టిన 1 మాత్రం నేరుగా పిండానికి చేరే డోసు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇరవయ్యో వంతు అని పోల్చకూడదు.

ఇప్పుడు సమయం, దూరం, అడ్డుగోడ అనే మూడింటినీ ఒక్క కేసు మీద పెట్టి చూద్దాం. ఎక్స్‌రే గదిలో కంట్రోల్ ప్యానెల్ వెనక నిలబడే రేడియోగ్రాఫర్‌కు గర్భధారణ సమయంలో వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అసలు ప్రశ్న ఆపరేషన్ థియేటర్లో సీ-ఆర్మ్ దగ్గర వస్తుంది. ఆర్థోపెడిక్ సర్జన్ తుంటి ఎముకకు రాడ్ వేస్తున్నాడు, యంత్రం ఆన్ చేసేది రేడియోగ్రాఫర్. ఆమె రెండో నెల గర్భిణి.

మొదట మూలం ఎక్కడుందో తేల్చుకోవాలి. ట్యూబు నుంచి వచ్చే ప్రధాన కిరణపుంజం రోగి మీద పడుతుంది, ఆమె మీద కాదు. ఆమెకు తగిలేది రోగి శరీరం నుంచి నలువైపులా చెదిరే స్కాటర్. అంటే ఆమె వరకు రోగే మూలం. దూరం కొలవాల్సింది రోగి నుంచి, ట్యూబు నుంచి కాదు. పరీక్షల్లో "ఫ్లోరోస్కోపీలో సిబ్బందికి ప్రధాన రేడియేషన్ మూలం ఏది?" అని అడిగితే జవాబు ఇదే.

స్కాటర్ ఎంత ఉంటుందో అంచనా వేయడానికి పుస్తకాల్లో ఒక మోటు సూత్రం ఉంది. రోగి మీద పడే తీవ్రతలో వెయ్యో వంతు, 90 డిగ్రీల దిశలో 1 మీటరు దూరానికి చేరుతుంది. తుంటి లాంటి లావు భాగానికి రోగి చర్మం మీద నిమిషానికి 20 మిల్లీగ్రే పడుతోందనుకుందాం. వెయ్యో వంతు అంటే 1 మీటరు దగ్గర నిమిషానికి 0.02 మిల్లీగ్రే, అంటే 20 మైక్రోగ్రే. కేసు మొత్తానికి 2 నిమిషాలు కిరణాలు వచ్చాయనుకుంటే, 1 మీటరు దగ్గర ఏప్రన్ లేకుండా 40 మైక్రోగ్రే.

ఇక దూరం. తీవ్రత దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. పరీక్షలో ఇది ఇలా వస్తుంది:

I₁ / I₂ = (d₂ / d₁)²

ఆమె అరమీటరు దగ్గరికి వస్తే దూరం సగమైంది కాబట్టి తీవ్రత నాలుగింతలు, 160 మైక్రోగ్రే. 2 మీటర్లకు వెనక్కి వెళ్తే నాలుగో వంతు, 10 మైక్రోగ్రే. అరమీటరు నుంచి 2 మీటర్లకు వెళ్లడం అంటే దూరం నాలుగు రెట్లు, డోసు పదహారో వంతు. ఈ సూత్రం చుక్కంత మూలానికే కచ్చితంగా పనిచేస్తుంది. రోగి తొడ, నడుము చుక్కంత ఉండవు. అందుకని బాగా దగ్గరగా ఉన్నప్పుడు సూత్రం నిజం కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది, మీటరు దాటాక బాగానే కుదురుతుంది. భద్రత లెక్కలకు ఈ తేడా మనకు అనుకూలంగానే ఉంది, కాబట్టి అలాగే వాడొచ్చు.

తర్వాత ఏప్రన్. 0.5 మిల్లీమీటరు సీసానికి సమానమైన ఏప్రన్ 100 కేవీపీ ప్రధాన కిరణపుంజాన్ని సుమారు 75 శాతమే ఆపుతుందని పాఠ్యపుస్తకాల పట్టికల్లో ఉంటుంది. అది చూసి చాలామంది భయపడతారు. స్కాటర్‌కు శక్తి తక్కువ కాబట్టి అదే ఏప్రన్ దాన్ని 90 శాతానికి పైగా ఆపుతుంది. ఏప్రన్ తయారు చేసింది కూడా స్కాటర్ కోసమే, ప్రధాన పుంజంలో చెయ్యి పెట్టడానికి కాదు. మన లెక్కకు పదో వంతు లోపలికి వస్తుందని అనుకుందాం. నిజంగా వచ్చేది అంతకంటే తక్కువే.

ఒక్క కేసు చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి వంద కేసులకు వేసి చూడాలి. గర్భం ప్రకటించాక మిగిలిన ఏడెనిమిది నెలల్లో ఒక ట్రామా సెంటర్లో వంద కేసులు రావడం పెద్ద విశేషం కాదు. అరమీటరు దగ్గర ఏప్రన్ లేకుండా నిలబడితే పొట్ట మీద 16 మిల్లీసీవర్ట్. అదే చోట ఏప్రన్‌తో 1.6. మీటరు దగ్గర ఏప్రన్‌తో 0.4. రెండు మీటర్ల దగ్గర ఏప్రన్‌తో 0.1.

ఈ నాలుగు అంకెల్లో ఎక్కువసేపు ఆలోచించాల్సింది 1.6 గురించి. అది పొట్ట ఉపరితలం మీద డోసు, పాత 2 పరిమితి లోపలే ఉంది. లోపల పిండానికి చేరేది అందులో సగమో అంతకన్నా తక్కువో కాబట్టి 1 కూడా దాటలేదు. కాగితం మీద ఆమె నిబంధన పాటించినట్టే. కానీ ఒక్క అడుగు, అంటే అరమీటరు, వెనక్కి వేస్తే 0.4కి దిగే డోసును 1.6 దగ్గర ఉంచడం ఎందుకు? డోసును సాధ్యమైనంత తక్కువ స్థాయిలో ఉంచాలన్న అలారా సూత్రం చెప్పేది ఇదే. పరిమితి కింద ఉన్నామంటే పని అయిపోయినట్టు కాదు. నా విద్యార్థులకు నేను గట్టిగా చెప్పేది కూడా ఈ ఒక్క అడుగు గురించే.

సమయం విషయంలో రేడియోగ్రాఫర్ చేతిలో ఉన్నది ఎంతో, లేనిది ఎంతో తెలుసుకోవాలి. సర్జన్ "షాట్" అన్న ప్రతిసారీ బటన్ నొక్కాల్సిందే. కానీ ఆన్ చేసి పట్టుకోకుండా, చివరి చిత్రాన్ని తెర మీద నిలిపి ఉంచే లాస్ట్ ఇమేజ్ హోల్డ్ వాడుకోవచ్చు. పల్స్ మోడ్ ఉంటే అదే పెట్టుకోవాలి. కొలిమేటర్ బిగించి అవసరమైన చోటికే కిరణాలు పడేలా చేస్తే రోగికీ తగ్గుతుంది, స్కాటర్ కూడా తగ్గుతుంది. మొత్తం 5 నిమిషాలు పూర్తయ్యాక మోగే బజర్ కిరణాలను ఆపదు, హెచ్చరిక మాత్రమే. థియేటర్ హడావిడిలో దాన్ని ఎవరో రీసెట్ చేసేస్తారు. అప్పుడు ఎంత సమయం అయిందో నోట్ చేసే అలవాటు ఉంటే కేసు చివర నిజమైన లెక్క చేతిలో ఉంటుంది.

నిలబడే చోటు కూడా దూరం అంత ముఖ్యం. తుంటికి లేటరల్ వ్యూ తీసేటప్పుడు సీ-ఆర్మ్ అడ్డంగా తిరుగుతుంది. అప్పుడు ట్యూబు ఉన్న వైపు స్కాటర్ ఎక్కువ, ఎందుకంటే కిరణాలు మొదట తాకే చర్మం నుంచి వెనక్కి తిరిగేది ఎక్కువగా ఉంటుంది. రెండో వైపు వచ్చేది రోగి శరీరంలోనే చాలావరకు ఆగిపోతుంది. అందుకే డిటెక్టర్ ఉన్న వైపు నిలబడాలి. నిలువుగా ఉన్నప్పుడు ట్యూబు టేబుల్ కింద ఉండేలా చూసుకుంటే మొహానికి, కళ్లకు వచ్చేది తగ్గుతుంది.

పక్కన వార్డులో పోర్టబుల్ ఛాతీ ఎక్స్‌రేతో ఒకసారి పోల్చండి. రోగి మీద 0.2 మిల్లీగ్రే పడితే, మీటరు దగ్గర స్కాటర్ 0.2 మైక్రోగ్రే, 2 మీటర్ల దగ్గర 0.05. ఏప్రన్ లేకుండానే వంద ఎక్స్‌రేలు తీసినా 5 మైక్రోగ్రే. థియేటర్లో ఏప్రన్ లేకుండా 2 మీటర్ల దగ్గర ఒక్క తుంటి కేసు దీనికి రెట్టింపు. గర్భిణికి డ్యూటీలు మార్చాలనుకునే అధికారి చూడాల్సింది ఈ తేడానే. మొబైల్ యూనిట్లకు ఎక్స్‌పోజర్ వైరు కనీసం 2 మీటర్లు ఉండాలన్న ఏఈఆర్‌బీ నిబంధన వెనక ఉన్న లెక్క కూడా ఇదే. అమెరికా పుస్తకాల్లో దానికి బదులు 1.8 మీటర్లు, అంటే 6 అడుగులు, ఉంటుంది.

గోడల గురించి పరీక్షకు కావాల్సినంతే చెబుతాను. ప్రధాన కిరణాలు పడే గోడ 35 సెంటీమీటర్ల ఇటుకతో, స్కాటర్ మాత్రమే పడే గోడ 23 సెంటీమీటర్ల ఇటుకతో ఉండాలి. తలుపులు, కిటికీల దగ్గర 1.7 మిల్లీమీటర్ల సీసంతో సమానమైన అడ్డు కావాలి. కంట్రోల్ ప్యానెల్ గదిలోనే ఉంటే యూనిట్‌కు 3 మీటర్ల దూరం. మందం లెక్కలు అడిగితే అర్ధ విలువ పొర గుర్తుంచుకోండి: ఒక్కో పొర తీవ్రతను సగం చేస్తుంది, మూడు పొరలు పెడితే ఎనిమిదో వంతు మిగులుతుంది.

ఇక ఈ లెక్కలు నిజ జీవితంలో నిజమయ్యాయో లేదో చెప్పేది టీఎల్‌డీ బ్యాడ్జి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది కూడా దాని దగ్గరే. మన దేశంలో బ్యాడ్జిని ఛాతీ దగ్గర, ఏప్రన్ లోపల పెట్టుకోవాలి. కొందరు కనిపించాలని ఏప్రన్ బయట తగిలిస్తారు. మన కేసులో అరమీటరు దగ్గర వంద కేసులు చేసినామె బ్యాడ్జి బయట ఉంటే 16 మిల్లీసీవర్ట్ చూపిస్తుంది, నిజానికి ఏప్రన్ లోపల పొట్ట మీద ఉన్నది 1.6, బిడ్డకు చేరింది అంతకన్నా తక్కువ. ఆ రిపోర్టు చూసి ఇంట్లో అందరూ కంగారుపడి స్కానింగ్ కేంద్రాల చుట్టూ తిరుగుతారు. దీనికి రివర్స్ కూడా ఉంది. బ్యాడ్జి ఏప్రన్‌కే తగిలించి, ఏప్రన్‌ను థియేటర్లోనే స్టాండుకు వేలాడదీసి వెళ్లిపోతే, మనిషి లేనప్పుడు జరిగిన కేసుల డోసు కూడా ఆమె పేరు మీద పడుతుంది. రిపోర్టులో అంకె అసహజంగా కనిపిస్తే మొదట అడగాల్సింది ఆ మూడు నెలల్లో బ్యాడ్జి ఎక్కడుందని, తర్వాతే ఆమె ఎక్కడుందని.

గర్భిణి విషయంలో ఇంకో చిక్కు ఉంది. బ్యాడ్జిలను మూడు నెలలకోసారి మార్చి ల్యాబ్‌కు పంపుతారు. రిపోర్టు వచ్చేసరికి ఇంకొంత కాలం గడుస్తుంది. ఆరో వారంలో గర్భం తెలిసి ప్రకటించిందనుకుంటే, మిగిలిన కాలానికి ఉన్నది రెండున్నర బ్యాడ్జి కాలాలే. మొదటి కాలంలోనే తప్పు జరిగితే అది చేతికి తెలిసేసరికి సగం గర్భం గడిచిపోతుంది. అందుకే ఏప్రన్ లోపల పొట్ట దగ్గర రెండో బ్యాడ్జి ఒకటి, దానితో పాటు వెంటనే చదివే ఎలక్ట్రానిక్ డోసిమీటర్ ఒకటి ఇవ్వాలి. 1 మిల్లీసీవర్ట్‌ను ఏడున్నర నెలలకు పంచితే నెలకు 0.13. నా అభిప్రాయంలో నెలకు 0.1 దగ్గరే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఆగి కారణం వెతకాలి. పైన లెక్కలో 2 మీటర్ల దగ్గర వంద కేసులకు వచ్చింది సరిగ్గా అంతే. ఒక్క నెలలోనే అంత వస్తే ఎక్కడో దూరమో ఏప్రనో తప్పిందని అర్థం.

ఏప్రన్ తప్పే తీరులు మూడు చూశాను. ముందు మాత్రమే కప్పే ఏప్రన్ వేసుకుని రోగికి వీపు పెట్టి ట్రాలీ సర్దడం మొదటిది. అలాంటి పని చేసేవాళ్లకు చుట్టూ కప్పేది కావాలి. మడతపెట్టి కుర్చీ మీద పడేయడం రెండోది. మడతల దగ్గర లోపలి సీసపు పొర పగులుతుంది, బయటి బట్ట మాత్రం కొత్తదానిలా ఉంటుంది. చేత్తో తడిమితే తెలియదు, ఫ్లోరోస్కోపీ కింద పరిచి చూస్తేనే చీలికలు తెల్లని గీతల్లా బయటపడతాయి. మూడోది ప్రేమతో చేసే పొరపాటు. "అక్కా, రెండు ఏప్రన్లు వేసుకో" అంటారు తోటివాళ్లు. ఒక్కోటి నాలుగైదు కిలోలు. ఆరో నెలలో నడుము మీద అదనంగా అంత బరువు మోస్తే వచ్చే నొప్పి నిజం, దానివల్ల దక్కే అదనపు రక్షణ మాత్రం ఇప్పటికే పదో వంతుకు దిగిన డోసులో కొంత భాగం. ఆ బరువు కన్నా ఆ ఒక్క అడుగు వెనక్కి వేయడమే మేలు.

అసలు ప్రమాదం ఏ స్థాయిలో మొదలవుతుందో తెలిస్తే ఈ అంకెలకు కొలమానం దొరుకుతుంది. అంగవైకల్యాలు, మెదడు ఎదుగుదల మీద ప్రభావాలు 100 మిల్లీగ్రే కన్నా తక్కువ డోసుల్లో కనిపించవు. మెదడు విషయంలో అత్యంత సున్నితమైన కాలం 8 నుంచి 15 వారాలు. పరిమితి అయిన 1 దానికి వందో వంతు. మరి అంత తక్కువ ఎందుకు పెట్టారంటే, తర్వాత జీవితంలో క్యాన్సర్ వచ్చే అవకాశం ఎంత తక్కువ డోసుకైనా ఆ మేరకు పెరుగుతుందని జాగ్రత్త కోసం అనుకుంటారు కాబట్టి. పరిమితి దాటితే బిడ్డకు హాని జరిగిందని అర్థం కాదు. పనిచేసే పద్ధతిలో ఎక్కడో తప్పు ఉందని అర్థం. 1.2 వచ్చిందని గర్భం తీయించుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఈ తేడా తెలియక ఒక కుటుంబానికి చాలా పెద్ద అన్యాయం చేస్తున్నారు.

గర్భం అని తెలియగానే ఉద్యోగి సంస్థకు తెలియజేయాలి. అలా చెప్పినంత మాత్రాన ఆమెను ఆ పని నుంచి తొలగించకూడదు, పని పరిస్థితులను మార్చాల్సిన బాధ్యత సంస్థది. ప్రశ్నపత్రాల్లో దీన్నే "గర్భిణి రేడియోగ్రాఫర్‌ను వెంటనే సెలవు మీద పంపాలి, అవునా కాదా?" అని అడుగుతారు. కాదు. కానీ కాంట్రాక్టు మీద పనిచేసే అమ్మాయిలు ఉద్యోగం పోతుందన్న భయంతో నాలుగో నెల దాకా చెప్పకుండా నెట్టుకొచ్చిన సందర్భాలు ఈ ఊళ్లోనే విన్నాను. 1 మిల్లీసీవర్ట్ పరిమితి ప్రకటన తర్వాతే మొదలవుతుంది. చెప్పకుండా గడిపిన ఆ నెలల్లోనే ఎనిమిది నుంచి పదిహేను వారాల కాలం కూడా దాటిపోతుంది, అప్పటిదాకా ఆమెకు వర్తించేది మామూలు వర్కర్ పరిమితే. కాబట్టి డ్యూటీ రోస్టర్ రాసే సీనియర్లు ముందే అందరికీ ఒక మాట చెప్పి ఉంచాలి: మీరు చెప్పిన రోజు నుంచి మీ డ్యూటీ థియేటర్ నుంచి జనరల్ ఎక్స్‌రేకి మారుతుంది, జీతం మారదు, కాంట్రాక్టు ఆగదు, పొట్ట దగ్గరికి రెండో బ్యాడ్జి ఆ రోజే వస్తుంది.